కరెంటు వచ్చినా నెట్ రాకపోతే

మా ఉయ్యూరు వైపు గాలివానకి కరెంటు పోయి రావడం మామూలే కదండీ. మొన్న అలాగే వచ్చాక ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం లేదు. మా అమ్మాయి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ఇంకా పావుగంటే టైముంది.

ఫైబర్ తీగ దిగే పెట్టె మోడెం, దాన్నుంచి ఇల్లంతా వైఫై ఇచ్చేది రౌటర్. కరెంటు రాగానే రెండూ ఒకేసారి లేస్తాయి. మోడెం ఇంకా లైను కలుపుకుంటూ ఉండగానే రౌటర్ నెట్ అడుగుతుంది. దొరక్కపోతే కొన్ని రౌటర్లు అక్కడే ఆగిపోతాయి. కాలవకి నీళ్లు రాకముందే మోటారు వేసినట్టన్నమాట.

అందుకే రెండిటి ప్లగ్గులూ తీసేసి, లోపల మిగిలిన కరెంటు కూడా పోవాలని ఒక నిమిషం ఆగాను. ముందు మోడెం పెట్టాను. PON లైటు కాసేపు మినుకుమినుకుమని, రెండు నిమిషాలకి నిలకడగా వెలిగింది. అప్పుడు రౌటర్ పెట్టి, ఇంకో రెండు నిమిషాలు ముట్టుకోలేదు. నెట్ వచ్చేసింది, అమ్మాయి టైముకే కూర్చుంది.

LOS దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంటే మాత్రం ఎన్నిసార్లు ఆపి వేసినా దండగే. తీగలో వెలుతురు రావట్లేదని అర్థం, కేబుల్ అబ్బాయికి ఫోన్ చేయాల్సిందే. చిన్న బెజ్జంలో ఉండే రీసెట్ జోలికి పోకండి, సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. రెండూ ఒకే పెట్టెలో ఉన్నవాళ్లకి ఈ వరస అక్కర్లేదు, ఆపి నిమిషం తర్వాత వేస్తే చాలు.