ఎనిమిది మంది పిల్లలు... పదహారు చెప్పులు

అమీర్‌పేటలో అద్దె ఇల్లు వెతుక్కోవడం ఒక ఎత్తు. ఆ ఇంట్లో ట్యూషన్ చెప్పుకుంటామని ఓనరును ఒప్పించడం మరో ఎత్తు. మైత్రీవనం చుట్టుపక్కల ఎటు తల తిప్పినా కోచింగ్ బోర్డులే కనిపించే పేట ఇది. బహుశా అందుకేనేమో, 'ట్యూషన్' అన్న మాట చెవిన పడగానే ఇక్కడి ఓనర్ల మొహంలో రంగులు మారిపోతాయి. మనం చెప్పే ఎనిమిది మంది పిల్లలు వాళ్లకి కనిపించరు. బాల్కనీకి వేలాడే ఫ్లెక్సీ, మెట్ల నిండా జనం, గేటుకు అడ్డంగా బైకులు కనిపిస్తాయి.

మేం ఉంటున్నది శ్రీనివాసనగర్‌లో, రెండో అంతస్తు. కింద ఓనరు దంపతులు, మధ్యలో ఇంకో కుటుంబం. పెళ్లికి ముందు మా ఆవిడ బళ్లో లెక్కల టీచరు. బాబు కాస్త పెద్దయ్యాక, సాయంత్రం పూట ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతానంది. 'ముందు మొదలెట్టేయండి, అడిగినప్పుడు చూసుకోవచ్చు' అని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. తను వినలేదు. ఓ ఆదివారం ఇద్దరం కిందికి వెళ్లాం.

"అంకుల్, సాయంత్రం ఓ ఎనిమిది మంది పిల్లలకు లెక్కలు చెప్పుకుంటానండీ. గోలేం ఉండదు" అంది.

"గోల సంగతి తర్వాతమ్మా. మీటరు నా పేరు మీద ఉంది కదా!" అన్నారాయన.

మేం గోల గురించి సమాధానాలు తయారుచేసుకుని వెళ్లాం. ఆయన భయం వేరు. ఇంటికిచ్చిన కరెంటు కనెక్షన్‌ను వేరే పనికి వాడుతున్నారని అధికారులు తేలిస్తే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, వర్తించే చార్జీకి రెట్టింపు లెక్కన వసూలు చేయొచ్చు. ఎప్పట్నుంచి వాడుతున్నారో తేలకపోతే పన్నెండు నెలలకు కట్టమంటారు. బిల్లు వచ్చేది మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరు మీదే. ఇంటిపన్ను కూడా అంతే. నివాసానికో లెక్క, వ్యాపారానికో లెక్క. ఒక గదిలో నాలుగు భిన్నాలు చెప్పినంత మాత్రాన ఇదంతా మీదపడుతుందని కాదు. కానీ బోర్డు కట్టాక చూసే కళ్లు మారతాయి. అందుకే 'బోర్డు పెట్టం' అన్న మాట దగ్గర ఆయన మొహం తేటపడింది. 'గోల ఉండదు' అన్న మాటకు అసలు చలించలేదు.

రెండో భయం ఇల్లు ఖాళీ చేయించడం గురించి. మా అగ్రిమెంటులో 'నివాసం నిమిత్తం మాత్రమే' అని ఉంది. దాదాపు అందరి అగ్రిమెంట్లలోనూ ఉంటుంది. ఏ అవసరానికి తీసుకున్నామో దానికే వాడాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం కూడా చెబుతోంది. ఇక 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమైతే, ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిని మరో పనికి వాడితే ఖాళీ చేయించవచ్చంటుంది. ఆ చట్టం నగరంలో నెలకు 3,500 రూపాయల లోపు అద్దె ఇళ్లకే వర్తిస్తుంది. ఇప్పుడు అమీర్‌పేటలో ఆ అద్దెకు ఏ ఇల్లు దొరుకుతుందో పాఠకులే చెప్పాలి! అయినా 'రాతపూర్వకం' అన్న మాట అందరూ పట్టుకోదగ్గది. నోటితో 'సరేలేమ్మా' అన్న పెద్దాయన రేపు కొడుకు దగ్గరకు అమెరికా వెళితే, ఇల్లు చూసుకునే అల్లుడికి ఆ 'సరే' గురించి ఏం తెలుస్తుంది?

అందుకని మా ఆవిడ తెల్లకాగితం మీద రాసిచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం వరకు, సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా, ఒకే బ్యాచ్, ఎనిమిది మందికి మించకుండా. బోర్డు ఉండదు. బయటి టీచర్లు రారు. నీళ్లకు నెలకు మూడొందలు అదనం (ఇది ఆంటీ పెట్టిన షరతు. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ తెప్పించేది ఆవిడే మరి). ఇబ్బంది అనిపిస్తే నెల ముందు చెబితే ఆపేస్తాం. ముందు ఒక నెల చూద్దామన్నారు అంకుల్. నెల గడిచాక కాగితం కింద 'అంగీకరించాను' అని సంతకం పెట్టి, తేదీ వేశారు. అగ్రిమెంటుకు పిన్ను కొట్టాం. దాని బలం కూడా ఆ అగ్రిమెంటు పదకొండు నెలల వరకే. మళ్లీ రాసుకునేటప్పుడు ఇదీ కొత్తగా రాసుకోవాల్సిందే.

ఇక గోల. చదువుకునే గంటన్నరలో పిల్లలు పెద్దగా వినిపించరు. వినిపించేది అయిదుకు ముందు పది నిమిషాలు, ఆరున్నర తర్వాత పది నిమిషాలు. ఎనిమిది మందివి పదహారు చెప్పులు మెట్ల మీద టపటపలాడతాయి. ఎనిమిది సార్లు బెల్లు మోగుతుంది. పైన ప్లాస్టిక్ కుర్చీ జరిపితే కింది ఇంట్లో ఉరిమినట్టుంటుంది. తలుపు తీసిపెడితే బెల్లు ఆగింది. కుర్చీలు తీసేసి జంపఖానా పరిస్తే ఉరుములు ఆగాయి. చెప్పుల్ని మొదటి అంతస్తు వాళ్ల గుమ్మం ముందు కాకుండా మా వాకిట్లో అట్టపెట్టెలో పెట్టించాం.

అసలు తలనొప్పి పిల్లలతో కాదు, తల్లిదండ్రులతో వచ్చింది. ఆరున్నరకు స్కూటర్లు గేటుకు అడ్డంగా ఆగుతాయి. పిల్లాడు రావడం రెండు నిమిషాలు ఆలస్యమైతే హారన్. ఇద్దరు తల్లులు కలిస్తే గేటు దగ్గరే అరగంట కబుర్లు. మేం రాసిచ్చిన కాగితంలో వీళ్ల ప్రస్తావనే లేదు! అంకుల్ నేరుగా ఏమీ అనలేదు. 'ఇవాళ ఎంతమందొచ్చారమ్మా?' అని అడగడం మొదలుపెట్టారు. లెక్క అడుగుతున్నారంటే విసుగు మొదలైందన్నమాట. మా ఆవిడ ఆ రాత్రే అందరికీ ఫోన్ చేసి, వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఆగమని చెప్పింది. పెద్దపిల్లలు చిన్నవాళ్లను అక్కడిదాకా తీసుకెళ్లేవారు. వారం తిరక్కుండానే అంకుల్ లెక్క అడగడం మానేశారు.

పంజాగుట్టలో, ద్వారకాపురి కాలనీ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న మా పిన్ని కూతురిది మరో కథ. ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతుంది. ఇంటికి కొనేవాళ్లెవరూ రారు. రోజుకు ఒక కొరియర్ కుర్రాడు వస్తాడంతే. ఫ్లాట్ ఓనరు వెంటనే సరేనన్నాడు. పేచీ అసోసియేషన్ నుంచి వచ్చింది. పార్సిళ్లు లిఫ్టులో దించుతున్నారని ఒకరు, వాచ్‌మన్ తన పని వదిలి సంతకాలు పెడుతున్నాడని మరొకరు. మధ్యాహ్నం మూడింటికి తనే సంచీతో కిందికి దిగి ఇవ్వడం మొదలుపెట్టాక ఆ మాటలు తగ్గాయి.

అంతా సర్దుకుందనుకునే సరికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ వచ్చింది. దానికి కరెంటు బిల్లో, ఇంటిపన్ను రసీదో కావాలి. అద్దె ఇల్లు కాబట్టి అగ్రిమెంటు, ఓనరు సమ్మతి పత్రం కూడా. అందులో ఆ ఫ్లాటును 'ప్రధాన వ్యాపార స్థలం' అని చూపించాలి. పార్సిళ్లకు నవ్వుతూ ఒప్పుకున్న ఓనరు ఆ మూడు ముక్కలు చదివి పెన్ను కింద పెట్టేశాడు. పైగా రిజిస్టరైన చోట సర్టిఫికెట్ కనబడేలా పెట్టాలి, గుమ్మం దగ్గర పేరు బోర్డు ఉంటే దాని మీద జీఎస్టీ నంబరూ ఉండాలన్నది నిబంధన. అసోసియేషన్‌కు బోర్డు ఉండదని మాటిచ్చిన మనిషి ఏం చేస్తుంది? చివరికి వాళ్ల మామగారి సొంతిల్లు ఉన్న వీధిలో, ఆయన పేరు మీదున్న ముందు గదిని వ్యాపార స్థలంగా చూపించింది. చీరలు కూడా ఇప్పుడు అక్కడే సర్దుకుంటోంది. రోజూ ఆటోకయ్యే డబ్బులు చీర ధరలో కలుపుతావా అని అడిగితే, "నువ్వు కొన్నప్పుడు చెబుతాలే అన్నయ్యా" అంది.