దగ్గు మింగిన మాటను చెవి ఎలా పూరిస్తుంది?

చాలా ఏళ్ళ క్రితం, కుల్కచర్ల సమీపంలోని ఒక పల్లెలో రోగులను చూస్తున్న రోజుల్లో జరిగిన ఒక చిన్న సంఘటనతో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తాను. అందులో తప్పు ఎవరిదో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒక రైతు తన నాలుగేళ్ళ కుమారుణ్ణి భుజాన వేసుకొని వచ్చాడు. పిల్లవాడికి జలుబు, దగ్గు, జ్వరం, వాటితోపాటు ఎడమ చెవిలో పోటు. పరీక్షించి చూస్తే కర్ణభేరి ఎర్రబడి ఉబ్బి ఉంది. అమాక్సిసిలిన్ సిరప్ రాసి, ఎంత మోతాదులో ఎలా పట్టాలో చెప్పి, చివరికి "ఏడు రోజులు ఆపకుండా పట్టాలి" అన్నాను. అతడు శ్రద్ధగా విని, తల ఊపి, వెళ్ళిపోయాడు. ఆరవనాడు మళ్ళీ వచ్చాడు. పిల్లవాడికి జ్వరం తిరగబెట్టింది, చెవి నుండి చీము కారుతున్నది. సీసాలో మందు సగానికి పైగా మిగిలే ఉంది. "ఏడు రోజులు పట్టమన్నాను కదా!" అని గట్టిగా అన్నాను. అతడు తడబడకుండా, "మీరు మూడు రోజులే అన్నరు సారూ. నా చెవులతోని ఇన్న" అన్నాడు. నా పక్కనే ఉన్న నర్సు కూడా "సార్ ఏడనే చెప్పారు" అన్నది. అతడు బొంకుతున్నాడని నిర్ణయించుకొని నాలుగు మాటలు అన్నాను. అతడు తల వంచుకొని నిలబడ్డాడు.

ఆనాడు నేను పట్టించుకోని విషయం ఒకటుంది. పిల్లవాడి నోరు సరిగ్గా తండ్రి చెవి పక్కన ఉంది. నేను మాట్లాడుతున్నంతసేపూ వాడు దగ్గుతూనే ఉన్నాడు. నాకూ, నర్సుకూ ఆ దగ్గు బల్లకు అవతలి శబ్దం. తండ్రికి మాత్రం అది చెవిలోనే పేలిన శబ్దం.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు, అమెరికాకు చెందిన మనోవైజ్ఞానికుడు రిచర్డ్ వారెన్ 1970లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన ఒక ప్రయోగం గురించి చదివాను. రాష్ట్ర గవర్నర్లు తమ తమ శాసనసభలతో సమావేశమయ్యారన్న అర్థం గల ఒక ఆంగ్ల వాక్యాన్ని ఆయన టేపు మీద రికార్డు చేశాడు. అందులోని 'లెజిస్లేచర్స్' అన్న మాటలో మొదటి 'స' ధ్వనిని, దాని ఇరుపక్కల ధ్వనుల అంచులతో సహా, కత్తిరించి తీసివేశాడు. ఆ ముక్క నిడివి సెకనులో ఎనిమిదో వంతు కూడా లేదు. ఆ ఖాళీలో అంతే నిడివి గల దగ్గును అతికించాడు. తరువాత ఇరవై మందికి దానిని వినిపించి, వాక్యంలో ఏదైనా ధ్వని లోపించిందా అని అడిగాడు. పంతొమ్మిది మంది ఏదీ లోపించలేదన్నారు. మిగిలిన ఒక్కరు లోపించిందన్నారు గాని, వేరే ధ్వనిని చూపారు. దగ్గు ఏ అక్షరం మీద పడిందో గుర్తు పెట్టమంటే ఒక్కరూ సరిగా పెట్టలేకపోయారు. లేని 'స' ఉన్న ధ్వనులంత స్పష్టంగా వారికి వినబడింది. దీనికి ఫోనీమిక్ రెస్టొరేషన్ అని పేరు. తెలుగులో వర్ణ పునరుద్ధరణ అనవచ్చు.

ఇందులో వైద్యునిగా నన్ను ఆపివేసిన విషయం ఆ తరువాతిది. అదే ఖాళీలో దగ్గుకు బదులు నిశ్శబ్దాన్ని ఉంచినప్పుడు ఈ భ్రమ కలగలేదు. ఇక్కడ ఏదో తెగిపోయిందని వినేవారు గుర్తించారు, ఆ చోటును కూడా చూపగలిగారు. కారణం సులభంగానే గ్రహించవచ్చు. ఈతచెట్టు వెనుక ఎద్దు నిలబడి ఉంటే మనకు చెట్టుకు ఒక పక్క తల, మరొక పక్క తోక కనబడతాయి. అయినా రెండు ముక్కలు చూశామని అనుకోము, ఒక ఎద్దునే చూస్తాము. మధ్యలో చెట్టు లేకపోతే అలా పూరించే అవకాశమే లేదు. చెవికి దగ్గు ఆ చెట్టు వంటిది. "ఇక్కడ ధ్వని ఉంది, దగ్గు చాటున పడింది" అని మెదడు తీర్మానించుకొని దానిని పూరిస్తుంది. అందుకే అడ్డం వచ్చే శబ్దం ఆ ధ్వనిని నిజంగా కప్పగలిగేంత పెద్దదిగా ఉండాలి. చిన్న గుసగుస వంటి శబ్దం పెడితే పూరణ సరిగా జరగదు. ఫోనులో మాట తెగితే వెంటనే "హలో, వినబడలేదు" అంటాము. బస్సులో ఎవరో దగ్గితే మాత్రం ఏమీ అడగము, అంతా విన్నామనే అనుకుంటాము.

మరి ఏ ధ్వనిని పూరించాలో మెదడుకు ఎలా తెలుస్తుంది? చుట్టూ ఉన్న మాటలను బట్టి. వారెన్, ఆయన సహచరులు దీనిని కూడా పరీక్షించారు. మొదటి ధ్వనిని తీసేసిన ఒకే పదాన్ని ఉంచి, వాక్యం చివరి మాటను మాత్రమే మారిస్తే, వినేవారికి చక్రమని ఒకసారి, మడమ అని ఒకసారి, పండు తొక్క అని మరొకసారి వినబడింది. ఇది తెలుగులో మీరే ఊహించుకోవచ్చు. 'ఆలు' అన్న భాగానికి ముందున్న హల్లును దగ్గు కప్పివేసిందనుకోండి. తరువాత "నొప్పిగా ఉంది" అని వస్తే 'కాలు' అని వింటారు. "కాగబెట్టాను" అని వస్తే 'పాలు' అని వింటారు. "ఇక పెట్టకండి" అని వస్తే 'చాలు' అని వింటారు. గమనించవలసిన సంగతి ఏమిటంటే, నిర్ణయించే మాట తరువాత వచ్చినా, ధ్వని మాత్రం ముందే విన్నట్టు అనిపిస్తుంది.

ఇది విన్న తరువాత చేసే ఊహ మాత్రమేనా, లేక నిజంగా వినికిడిలోనే జరుగుతుందా అన్న సందేహం రావడం సహజం. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య కేంద్రంలో మాథ్యూ లెనర్డ్, ఎడ్వర్డ్ చాంగ్ బృందం దీనికి సమాధానం వెదికింది. మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడులు అమర్చిన ఐదుగురు రోగులకు వారు మాటలు వినిపించారు. 'ఫాస్టర్', 'ఫ్యాక్టర్' అనే రెండు మాటలకు తేడా మధ్యలోని ఒక్క ధ్వనియే. దాని స్థానంలో రొద పెడితే, కొన్నిసార్లు రోగి మొదటి మాట విన్నానన్నాడు, కొన్నిసార్లు రెండవది విన్నానన్నాడు. రోగి ఏది విన్నానన్నాడో, ఆ ధ్వని నిజంగా ఉన్నప్పటి మాదిరిగానే మెదడులోని శ్రవణ ప్రాంతం స్పందించింది. అంతేకాదు, రొద రాకమునుపే మెదడు ముందు భాగంలోని సంకేతాలను బట్టి రోగి ఏ మాట వినబోతున్నాడో కొంతవరకు చెప్పగలిగారు. అంటే వినడానికి ముందే మొగ్గు ఒక వైపు ఉంటుంది.

ఇప్పుడు ఆ రైతు దగ్గరకు తిరిగి వద్దాము. 'లెజిస్లేచర్స్' పొడవైన మాట. ఒక ధ్వని పోయినా అక్కడ మరొక మాట ఇమడదు, కాబట్టి పూరణ సరిగ్గానే జరుగుతుంది. నిత్యజీవితంలో ఎక్కువగా జరిగేది ఇదే, అందువల్లే సంతల్లో, బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళలో మనం ఒకరి మాట ఒకరు వినగలుగుతున్నాము. కాని "ఏడు రోజులు" అన్న మాటలో మొదటి అక్షరం పోతే మిగిలేది "డు రోజులు". అందులో 'ఏడు' ఎంత చక్కగా ఇముడుతుందో 'మూడు' కూడా అంతే చక్కగా ఇముడుతుంది. వాక్యంలో మరే ఆధారమూ లేదు. అలాంటప్పుడు మెదడు అలవాటును ఆశ్రయిస్తుంది. జ్వరానికైనా, విరేచనాలకైనా ఆ ప్రాంతంలో అందరూ వినే మాట "మూడు రోజులు వాడండి" అన్నదే. అతని చెవిలో పడింది అదే అయి ఉండాలి.

అయి ఉండాలి అని జాగ్రత్తగానే అంటున్నాను. సరిగానే విని, ఇంటికి వెళ్ళాక మరచిపోయి ఉండవచ్చు కూడా. ఒక్క సంఘటనను పట్టుకొని వినికిడి పొరపాటో జ్ఞాపకపు పొరపాటో తేల్చలేము. కాని అతడు బొంకాడని నేను చేసిన నిర్ణయానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. "నా చెవులతోని ఇన్న" అన్న మాట అతని వరకు అక్షరాలా నిజమై ఉండవచ్చు.

వయసు మళ్ళినవారి విషయంలో ఇది మరింత చిక్కు. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా తగ్గేది హెచ్చు పౌనఃపున్యపు ధ్వనుల వినికిడి. అచ్చులు బాగానే వినబడతాయి గాని స, శ, త, క వంటి హల్లులు జారిపోతాయి. "వినబడుతుంది బాబూ, తెలుస్తలేదు" అని పెద్దలు చెప్పేది దీనినే. వారు సందర్భాన్ని బట్టి చాలా మాటలను పూరించుకుంటారు, అందువల్ల చెవుడు ఏళ్ళ తరబడి ఇంట్లో ఎవరికీ తెలియదు. పరిచయమైన విషయాలు బాగా విని, కొత్త ఊరి పేరు, కొత్త మందు పేరు, అంకెలు మాత్రం తరచు తప్పుగా విన్నారంటే అది పరధ్యానమని అనుకోకండి. అంకెకూ, పేరుకూ సందర్భం సాయం చేయదు. అటువంటివారికి వినికిడి పరీక్ష చేయించండి.

ఆ సంఘటన అర్థమైన తరువాత నేను రెండు పద్ధతులు మార్చుకున్నాను. మొదటిది, ఏ అంకెనైనా దానితో పోలిక లేని మరొక మాటతో కలిపి చెప్పడం. "ఏడు రోజులు, అంటే వారం. ఈ రోజు మంగళవారం, వచ్చే సోమవారం రాత్రి దాకా" అంటే, ఒక దగ్గు వాటన్నింటినీ మింగలేదు. అలాగే "మూడు పూటలు" అని ఊరుకోకుండా "పొద్దున, మధ్యాహ్నం, రాత్రి" అని చెప్పాలి. రెండవది, "అర్థమైందా?" అని అడగడం మానివేశాను. తప్పుగా పూరించుకొన్న మనిషి కూడా నిజాయితీగా "అయింది" అనే అంటాడు, ఎందుకంటే తనకు వినబడనిది ఏదీ లేదు. దానికి బదులు "ఎన్ని రోజులు పట్టాలో నాకు ఒకసారి చెప్పు" అని అడిగేవాణ్ణి.

మీరు రోగిగా వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు ఆయన అడగకపోయినా అంకెలను మీరే తిరిగి చెప్పండి. పసిపిల్లను భుజాన వేసుకొని ఉంటే, ఆ కాసేపు పక్కనున్న వారికి అందించండి.

ఆ పిల్లవాడి చెవి ఆ రెండవసారి వారం రోజుల మందుతో మానింది. తండ్రికి క్షమాపణ చెప్పుకొనే అవకాశం మాత్రం నాకు రాలేదు.