గుండ్రటి డబ్బా మీది చిన్న అక్షరాలు

మా మనవరాలికి పాలు పడవు. ఒక్క చుక్క తగిలినా పెదవులు వాచిపోతాయి. అందుకే జర్మనీ నుంచి మా తమ్ముడు తెచ్చిన కోకో పొడి డబ్బా మూత తీయకముందే, దాని మీది పదార్థాల జాబితా కాగితం మీద రాసుకోవడానికి కూర్చున్నాను.

ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం ఆ చిన్న అక్షరాల ఎత్తు 1.2 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మరీ చిన్న ప్యాకెట్ల మీదైతే 0.9కి దిగొచ్చు. పైగా డబ్బా గుండ్రంగా ఉంటుంది. వాక్యం మధ్యలో వెలుతురు తళుక్కుమని అక్షరాలను మింగేస్తుంది. లైటు ఎదురుగా కాక పక్కనుంచి పడేలా పెట్టుకుంటే కొంత నయం. ఫోన్‌తో ఫొటో తీసినా, దగ్గరకు వెళ్తే అంచుల్లో అక్షరాలు నొక్కుకుపోతాయి. కాస్త దూరం జరిగి జూమ్ చేసి, డబ్బాను కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి ఫొటోలోనూ ముందు ఫొటో చివరి మాటలు మళ్లీ పడేలా తీయాలి.

అసలు ప్రమాదం వరుస చివర ఉంది. చూపు వంపు తిరిగి కింది వరుసకు వచ్చేలోగా ఒక వరుస దాటిపోతుంది. నాకూ అదే జరిగింది. జర్మన్ జాబితాలో ఒక వరుస ‘జ్యూస్’ అని అడ్డగీతతో ఆగింది. ఆ మాటకు అర్థం తీపి. నేను డబ్బా తిప్పి, మధ్య వరుస వదిలేసి, ఆ కింది వరుసలో ఉన్న లెసిథిన్‌ను దానికి తగిలించి రాసేశాను. చదివితే తప్పుగా అనిపించలేదు.

పట్టించింది పక్కనున్న ఫ్రెంచ్ జాబితా. అన్ని భాషల్లో ఉన్నదీ అదే వస్తువు. పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వస్తాయి కాబట్టి వరుస క్రమం కూడా కలవాలి. రెండు శాతంలోపు ఉన్నవి మాత్రం అటూ ఇటూ మారవచ్చు. లెక్కపెడితే ఫ్రెంచ్‌లో ఎనిమిది, నా జర్మన్ రాతలో ఆరు. ఫ్రెంచ్‌లో నాలుగోది ‘లాక్టోసెరమ్’, అంటే పాలు విరిగాక మిగిలే తేట. మళ్లీ డబ్బా తిప్పి చూస్తే వదిలేసిన వరుస మొదట్లోనే ఉంది ‘మోల్కెన్‌పుల్వర్’, ఆ తేటను ఆరబెట్టిన పొడి. దాని తర్వాత కొబ్బరి కొవ్వు. ఎలర్జీ కలిగించే పదార్థాలను మిగతావాటి కంటే ప్రస్ఫుటంగా అచ్చువేయాలని కూడా అక్కడి నియమం. మోల్కెన్‌పుల్వర్ ముదురు అక్షరాల్లోనే ఉంది, వెలుతురు మెరుపులో నాకే తెలియలేదు.

అప్పటినుంచి అట్టముక్కలో ఒక వరుస పట్టేంత సన్నటి కిటికీ కోసి డబ్బా మీద జరుపుకుంటూ రాస్తున్నాను. ముదురుగా ఉన్న మాటల కింద గీత గీస్తాను. తర్వాత రెండో భాషతో లెక్క సరిచూస్తాను.

ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, కాగితం మీద రాసుకున్నాం కదా అని డబ్బా పారేయకండి. కొత్త డబ్బా వచ్చినప్పుడు పాత కాగితాన్ని నమ్మకండి. తయారీ మారి ఉండొచ్చు, మళ్లీ మొదటి నుంచి రాసుకోండి.