మా మాట, ఒక్క పేజీలో

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. మా బ్రూస్‌పేట ఇంట్లో తెలుగు అలాగే ఉండిపోయింది. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు అవ్వ నేర్పినవే. అందుకే సొంత డబ్బుతో వేసుకునే మొదటి కవితల పుస్తకానికి ‘మా మాట’ రాయబోతే క్షమాపణలే వచ్చాయి. ‘తప్పులుంటే మన్నించండి’ అని మూడు చోట్ల రాసేశాం.

పుస్తకం 32 పేజీలు. 28 కవితలు, పేరు పేజీ, ముద్రణ వివరాలు, విషయసూచిక పోను మాకు మిగిలింది ఒక్క పేజీ. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి పెరుగుతాయి. ఒక్క వాక్యం పక్కకి జారినా 36 పేజీలకి డబ్బు కట్టాలి.

ఏది ఉంచాలో ‘ఊట’ తేల్చింది. ఒక కవితలో అమ్మ ‘ఊట అయ్యిందా?’ అంటుంది. కన్నడలో ఊట అంటే భోజనం, తెలుగులో నీటి ఊట. డీటీపీ చేసినాయన తప్పనుకుని ‘భోజనం’ అని దిద్దేశారు. ఆఫీసులో ఇతరుల తప్పులు పట్టే టెస్టర్లం కదా, ప్రూఫు రెండుసార్లు చూసీ దాటేశాం! మూడోసారి అమ్మ చదివి, ‘నేనెప్పుడు ఇట్లా అన్నాను?’ అంది.

ఊటను వెనక్కి తెచ్చాం. ‘11వ పేజీలో ఊట అంటే భోజనమే, మా ఇంట్లో అలాగే అంటాం’ అని మా మాటలో చేర్చాం. క్షమాపణలు మూడూ తీసేశాం. కింద అవ్వ పేరు, ఊరు, తేదీ. ఇంకా పావు పేజీ మిగిలింది, ఖాళీగానే వదిలేశాం.