రేకుల గదిలో పాలపొడి

జూన్ నెలలో మా ఆశ్రమ పాఠశాల తెరిచిన వారానికి వంట అక్క ఒక గ్లాసు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "సారూ, ఈ పాలు పిల్లలు తాగట్లేదు. పొడి పాడైంది" అంది. నేను ప్యాకెట్ తిప్పి చూశాను. గడువు ఇంకా నెలన్నర ఉంది. సీలు చెక్కుచెదరలేదు. "తేదీ ఉందిగా అక్కా, వాళ్లకు చక్కెర తక్కువైందేమో" అని పంపేశాను. మర్నాడు చిన్న పిల్లలు పాలను చెట్టు మొదట్లో పారబోస్తుంటే చూశాను. అప్పుడు నోట్లో వేసుకున్నాను. పాత నూనె వాసన, చివర్న చేదు.

స్టోరు బాధ్యత నాదే. గోదావరి పొంగితే దారులు మూసుకుపోతాయని, కిందటి ఏడాది జులైలోనే పాలపొడి ఎక్కువగా తెప్పించి పెట్టాం. తప్పు కంపెనీదే అనుకుని ఉత్తరం కూడా రాశాను. దాన్ని పంపేలోపు ఇంటికి వెళ్లాను. అదే రోజు అదే షాపులో మా ఇంటికీ ఒక ప్యాకెట్ కొన్నాను. బ్యాచ్ నంబరు కూడా ఒకటే. మా ఇల్లు మట్టిగోడలు, తాటాకు కప్పు. గోడ గూట్లో విప్పకుండా ఉన్న ఆ ప్యాకెట్‌ను విప్పాను. పొడి తెల్లగా, పొడిపొడిగా ఉంది. పాలు కలిపితే బాగున్నాయి. ఉత్తరం చించేశాను.

సైన్సు గదిలోని థర్మామీటరును స్టోరులో పై అరకు కట్టాను. రేకుల కప్పు, ఒక్కటే కిటికీ, అదీ మూసే ఉంటుంది. మధ్యాహ్నం 45 డిగ్రీలు చూపించింది. తెల్లవారుజామున కూడా 34కి తగ్గలేదు. వేసవి సెలవుల్లో తాళం వేసిన గది అంతా ఇలాగే ఉడికింది.

సీలు ఆపేది పురుగునూ, దుమ్మునూ, చాలావరకు తేమనూ. వేడిని ఆపలేదు. పాలలో సహజంగా ఉండే చక్కెరా, మాంసకృత్తులూ వేడికి కలిసి రంగు మారతాయి. పాలను సన్నమంట మీద ఎక్కువసేపు కాస్తే కోవా రంగు వచ్చేది అందుకే. స్టోరులోనూ అదే జరుగుతుంది, కాకపోతే నెలల తరబడి మెల్లగా. అలా మారిన మాంసకృత్తుల్లో కొంత భాగం పిల్లల ఒంటికి పట్టదు. ప్యాకెట్ లోపల మిగిలిన గాలితో పాలలోని కొవ్వు కూడా చెడుతుంది. ఆ నూనె వాసన దానిదే.

ఈ మార్పులకు ఒక మోటు లెక్క ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే, చెడిపోయే వేగం సుమారు రెట్టింపు అవుతుంది. 30 డిగ్రీల దగ్గర 12 నెలలు నిలిచే పొడి, 40 దగ్గర ఆరు నెలలే నిలుస్తుంది. మా పొడి 11 నెలలు ఉంది. అందులో 8 నెలలు 30 డిగ్రీల చుట్టూ గడిచాయనుకుందాం, అవి 8. ఎండాకాలం మూడు నెలలు సగటున 40 అనుకుంటే, అవి 6 నెలలతో సమానం. మొత్తం 14. గోడ మీది క్యాలెండరుకు గడువు మిగిలింది, పొడికి మాత్రం రెండు నెలల ముందే దాటిపోయింది. "చల్లని, పొడి ప్రదేశంలో ఉంచాలి" అన్న చిన్న అక్షరాలు ఆ తేదీకి షరతు అని అప్పుడు అర్థమైంది. ఇది కచ్చితమైన లెక్క కాదు. సరుకును బట్టి వేగం మారుతుంది. ఉప్పు, పంచదార లాంటివి వేడికి ఇలా చెడవు.

మిగిలిన ప్యాకెట్లన్నీ విప్పి వరసగా పెట్టాం. రేకులకు దగ్గరగా పై అరలో ఉన్నవి పసుపెక్కాయి, కానీ గడ్డకట్టలేదు. అది వేడి పని. కింద, చెమ్మగోడకు ఆనించినవి గడ్డలు కట్టాయి. మడతల దగ్గర పడిన సన్నని బెజ్జాల్లోంచి వానాకాలపు తేమ దూరింది. అన్నిటినీ పడేశాం.

నేనెందుకు పొరబడ్డానో తరవాత ఆలోచించాను. మా అమ్మమ్మ విత్తనం మొక్కజొన్న కంకులను పొయ్యి పైన వేలాడదీసేది. వేడీ పొగా సరుకును కాపాడతాయన్నది చిన్నప్పటి నుంచీ చూసిన సంగతి. నిజమే, కంకిని ఆరబెట్టి పురుగు పట్టకుండా చేస్తాయి. కానీ గింజకు తన తొక్క ఉంది. కొవ్వున్న పొడికి అది లేదు.

ఇప్పుడు పాలపొడి, పల్లీ చిక్కీ, నూనె ప్యాకెట్లు పెంకుల కప్పున్న గదిలోకి మార్చాం. చెక్క బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెడుతున్నాం. వానలకు సరిపడా మూడు నెలల సరుకే తెస్తాం, ఎండాకాలానికి ఏదీ మిగల్చం. కొత్త పెట్టె విప్పే ముందు ఒక గ్లాసు కలిపి వంట అక్కకు ఇస్తాను. ఆమె తాగి తల ఊపాకే పిల్లలకు.