నైరోబీ నుంచి రావాల్సిన పది లక్షలు

2023 డిసెంబర్‌లో ఒక సాయంత్రం ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ టింగుమంది. చూసుకుంటే నాలుగు లక్షల ఇరవై నాలుగు వేల చిల్లర. నేను ఎదురుచూస్తున్నది ఆరు లక్షల అరవై వేలు. ట్రంకు రోడ్డు పక్కన టీ కొట్టు ముందు స్కూటీ ఆపుకుని ఆ మెసేజ్‌ని నాలుగుసార్లు చదివాను. సున్నా ఏమన్నా ఎగిరిపోయిందా అని కూడా చూశాను. లేదు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నేను సివిల్ ఇంజినీర్‌ని. కావలిలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని అపార్ట్‌మెంట్లకు స్ట్రక్చరల్ డ్రాయింగులు, బార్ బెండింగ్ షెడ్యూళ్లు చేస్తాను. ఏ కమ్మీ ఎంత పొడవు, ఎక్కడ వంచాలి అన్న లెక్కన్నమాట. ఆ ఏడాది జనవరిలో నైరోబీలోని ఒక చిన్న కన్సల్టెన్సీ పని ఇచ్చింది. మొత్తం ఫీజు పది లక్షల కెన్యా షిల్లింగులు. అప్పుడు షిల్లింగు మన డబ్బులో దాదాపు 66 పైసలు. గూగుల్‌లో కొట్టి చూసుకుని, ఆరు లక్షల అరవై వేలు అని అమ్మకి చెప్పేసి, సంతకం పెట్టేశాను. ఒప్పందం పదకొండు పేజీలు. నేను చదివింది రెండు: పని వివరాలు, ఫీజు.

డబ్బు తక్కువ పడగానే ముందు ఆ క్లయింట్ మోసం చేశాడనే అనుకున్నా. ఘాటుగా ఒక మెయిల్ కూడా పెట్టాను. జవాబుగా ఆయన ఒక కాగితం పంపాడు. పది లక్షల షిల్లింగుల్లో 20 శాతం, అంటే రెండు లక్షలు, విత్‌హోల్డింగ్ ట్యాక్స్ కింద కోసి కెన్యా పన్నుల శాఖకు కట్టిన రసీదు అది. మిగతా ఎనిమిది లక్షలతో డాలర్లు కొని నాకు పంపాడు. పైసా కూడా నొక్కేయలేదు.

ఆ రసీదు పట్టుకుని నెల్లూరులో మా ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కాలిక్యులేటర్ ముందుకు లాక్కుని, "ఏందమ్మా, రెండు చోట్ల కోత పడితే ఒక్కడి మీదే అరుస్తున్నావు?" అన్నారు. లెక్క విడదీసి చూపించారు. పన్నుకు పోయిన రెండు లక్షల షిల్లింగులు జనవరి రేటులో లక్షా ముప్పై రెండు వేల రూపాయలు. మిగిలిన ఎనిమిది లక్షల షిల్లింగుల విలువ 66 పైసల నుంచి 53 పైసలకు పడిపోవడంతో పోయింది ఇంకో లక్షా నాలుగు వేలు. రెండూ కలిపితే రెండు లక్షల ముప్పై ఆరు వేలు. అమ్మకి చెప్పిన లెక్కకీ, ఖాతాలో పడ్డదానికీ మధ్య తేడా సరిగ్గా అంతే.

ఆ ఏడాది షిల్లింగు అలా జారింది మరి. జనవరిలో డాలరుకి 123 ఉండేది, డిసెంబర్ కల్లా 155 దాటింది. 2024 జూన్‌లో కెన్యా రెండు వందల కోట్ల డాలర్ల బాండ్లు తీర్చాల్సి ఉంది, తీర్చగలదా అన్న భయం మార్కెట్‌లో ఉండేది. మేడ మీద కమ్మీల పొడవులు లెక్కేసుకుంటూ కూర్చున్న నాకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

"పోనీ ఆ పన్ను మన దగ్గర వెనక్కి వస్తుంది కదండీ?" అని అడిగాను. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటే అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ ఇస్తారని ఎక్కడో చదివాను. ఆయన నవ్వారు. అక్కడ కట్టిన పన్ను, అదే ఆదాయం మీద ఇక్కడ కట్టాల్సిన పన్ను, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే క్రెడిట్. ఆ ఏడాది నాకు అన్ని పనుల మీదా వచ్చింది దాదాపు తొమ్మిది లక్షలు. ఇంజినీర్లకు ఉన్న 44ఎడిఎ పద్ధతిలో సగమే ఆదాయంగా చూపిస్తే నాలుగున్నర లక్షలు. కొత్త విధానంలో అప్పట్లో ఏడు లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి నా పన్ను సున్నా. సున్నాలోంచి ఏం తగ్గిస్తారు? ఆ రెండు లక్షల షిల్లింగులు అక్కడికక్కడే మాయం. వచ్చే ఏడాదికి మోసుకెళ్లే వీలు కూడా లేదు. ఇప్పుడైతే ఆ రిబేటు పన్నెండు లక్షల ఆదాయం దాకా పెరిగింది కదా, అంటే నాలాంటి వాళ్లు ఇంకా ఎక్కువ మంది ఈ వలలో ఉన్నారన్నమాట. పెద్ద ఐటీ కంపెనీకి ఈ కోత పన్ను ముందుగా కట్టినట్టు లెక్క. మనకి మాత్రం అది అసలు ఖర్చే.

ఇంకో తప్పు కూడా బయటపడింది. భారత్, కెన్యాల మధ్య 2017లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం ఇలాంటి ఫీజు మీద కోత 10 శాతం మించకూడదు. కాకపోతే నేను ఇండియాలో పన్ను పరిధిలో ఉన్న మనిషినని మన ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే రెసిడెన్సీ సర్టిఫికెట్ చూపించాలి. నేను చూపించలేదు. అడగాలని వాళ్లకి తోచలేదు. అదనంగా కోసిన 10 శాతాన్ని కెన్యా పన్నుల శాఖ దగ్గర వెనక్కి అడగొచ్చుగానీ, ఎంత తిరగాలో విన్నాక ఓపిక చాల్లేదు.

"అయినా ముందూ వెనకా చూడకుండా కోసేయడమేంటండీ?" అన్నాను. అప్పుడు ఆయన సీలేరు కథ చెప్పారు. మన ఏపీ విద్యుత్ బోర్డు ఎగువ సీలేరు ప్రాజెక్టు కోసం విదేశీ కంపెనీల దగ్గర యంత్రాలు కొనింది, వాటి బిగింపు పనికి కూడా డబ్బు కట్టింది. కట్టేటప్పుడు పన్ను కోయలేదు. దాంతో పన్ను శాఖ పట్టుకుంది ఎవర్ని? సంపాదించిన విదేశీ కంపెనీని కాదు, డబ్బు కట్టిన మన బోర్డుని. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో తీర్పు బోర్డుకి వ్యతిరేకంగా వచ్చింది. మొత్తంలో కొంతే ఆదాయం అనుకుంటే ముందే అధికారికి దరఖాస్తు చేసి ఆ భాగం ఎంతో తేల్చుకోవాలి, అది చేయకపోతే మొత్తం మీదా కోయాల్సిందే అని. అసలు ఇక్కడ పన్నే పడని చెల్లింపుకి ఈ లెక్క వర్తించదని 2010లో ఇంకో కేసులో స్పష్టం చేశారనుకోండి, అది వేరే సంగతి. "కట్టేవాడి మెడ మీద కత్తి పెట్టాక వాడు కోయకుండా ఎందుకుంటాడమ్మా? నైరోబీ ఆయనా అంతే," అన్నారు. ఆ రాత్రే సారీ చెబుతూ ఇంకో మెయిల్ పెట్టాను.

ఆ సారీయే రెండో పని తెచ్చిపెట్టింది. 2024 జనవరి చివర్లో ఆరంతస్తుల భవనం డ్రాయింగులు కావాలన్నాడు. ఈసారి పన్ను సంగతి ముందే అడిగాను. నా చేతికి పూర్తి ఫీజు రావాలి, పన్ను మీరే భరించండి అని. దీన్నే గ్రాస్ అప్ క్లాజు అంటారు. ఆయన సరే అని, "ఫీజుకి 20 శాతం కలుపుతాం" అని రాసి పంపాడు. చూడ్డానికి బాగానే ఉంది కదా? లెక్కేసి చూడండి. పది లక్షలకి 20 శాతం కలిపితే పన్నెండు లక్షలు. పన్ను కోసేది ఆ పన్నెండు లక్షల మీద. రెండు లక్షల నలభై వేలు పోతే నాకు మిగిలేది తొమ్మిది లక్షల అరవై వేలే. పూర్తి పది లక్షలు రావాలంటే కలపడం కాదు, భాగించాలి:

```
10,00,000 ÷ (1 − 0.20) = 12,50,000
10,00,000 ÷ (1 − 0.10) = 11,11,111
```

మొదటి అంకె చూసి ఆయనకు గుండె ఆగినంత పనైంది. రెండోది చూపించి మాట్లాడాను. సర్టిఫికెట్ తెచ్చే బాధ్యత నాది, తెస్తే 10 శాతమే కాబట్టి ఆ పన్ను మీది. నేను తేలేకపోతే పైన పడే 10 శాతం నాదే. క్లాజు అలాగే రాసుకున్నాం. ఒకవేళ ఆ పన్నుకి నాకు ఇండియాలో క్రెడిట్ దొరికితే ఆ మేరకు తిరిగివ్వాలని ఆయన ఒక వాక్యం చేర్చాడు. న్యాయమే, ఒప్పుకున్నాను. ఫారం 10ఎఫ్ఎలో దరఖాస్తు పెట్టుకుంటే మార్చి మూడో వారానికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. అది ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరానికే పనికొస్తుంది, మళ్లీ మళ్లీ తీసుకోవాల్సిందే.

కరెన్సీ దగ్గర మాత్రం వారం రోజులు లాగాం. నేను ఆరు వేల డాలర్లన్నాను. బిల్డర్లు తనకు షిల్లింగుల్లో కడతారు, షిల్లింగు ఇంకా పడితే తను మునుగుతానన్నాడు. చివరికి డాలర్లే, కానీ "ఇన్వాయిస్ తేదీన ఉన్న రేటు ప్రకారం షిల్లింగుల్లో లెక్కగట్టి" అన్న మాటతో డ్రాఫ్ట్ వచ్చింది. అదృష్టం కొద్దీ ఈసారి చదివాను. ఇన్వాయిస్ రోజునే షిల్లింగుల్లో బిగించేసి అరవై రోజుల తర్వాత కడితే, ఆ అరవై రోజుల పతనం మళ్లీ నా నెత్తినే. పేరుకే డాలరు. "చెల్లింపు తేదీన, కెన్యా కేంద్ర బ్యాంకు ప్రకటించే రేటు" అని మార్పించాను.

దానికి బదులుగా ఆయన ఒకటి అడిగాడు. డాలరుకి 160 షిల్లింగులు మూల రేటు. 5 శాతం లోపు అటూ ఇటూ కదిలితే ఎవరూ ఏమీ అడక్కూడదు. అంటే 152 నుంచి 168 దాకా. దాటితే, దాటిన మేరకు తేడాని చెరి సగం. షిల్లింగు 180కో 190కో జారుతుందని, నేను సగం భరించాల్సి వస్తుందని ఆయన లెక్క. భయంగానే ఉన్నా, రెండు వైపులా ఒకే నియమం ఉంటేనే అన్నాను. "తప్పకుండా మేడమ్," అన్నాడు. పైకి ఎక్కుతుందని ఆయనా అనుకోలేదు, నిజం చెప్పాలంటే నేనూ అనుకోలేదు.

ఫిబ్రవరిలో కెన్యా కొత్తగా నూట యాభై కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి, జూన్‌లో తీర్చాల్సిన వాటిలో చాలా భాగం ముందే కొనేసింది. షిల్లింగు లేచి కూర్చుంది. మార్చి చివర్లో నాకు డబ్బు కట్టే రోజుకి డాలరుకి 132.

ఆ రేటులో ఆరు వేల డాలర్లు ఆయనకు ఏడు లక్షల తొంభై రెండు వేల షిల్లింగులకే వచ్చేస్తాయి. హద్దు 152 దగ్గరైతే తొమ్మిది లక్షల పన్నెండు వేలు అయ్యేవి. మధ్య తేడా లక్షా ఇరవై వేలు, అందులో సగం అరవై వేలు నాకు. మొత్తం ఎనిమిది లక్షల యాభై రెండు వేల షిల్లింగులు, డాలర్లలో 6,454. ఆయన రాయించిన క్లాజు వల్లే నాకు 454 డాలర్లు అదనంగా వచ్చాయి. ఆయనకీ నష్టమేం లేదు, సంతకం పెట్టిన రోజు వేసుకున్న తొమ్మిది లక్షల అరవై వేల షిల్లింగుల కంటే తక్కువే ఖర్చైంది. డాలరుకీ రూపాయికీ మధ్య తేడా మాత్రం మేం రాసుకోలేదు, అది నాకే వదిలేశాం.

మూడో ఒప్పందం డ్రాఫ్ట్ ఈమధ్యే వచ్చింది. పదకొండు పేజీలూ చదివాను. మూల రేటు 130కి దించాడు, సరే, ఇప్పటి రేటు అదే. చెరి సగం క్లాజు మాత్రం షిల్లింగు పడినప్పుడే వర్తించేలా ఒక పదం మార్చాడు. ఎర్ర గీత పెట్టి పంపాను. జవాబు ఇంకా రాలేదు.