పన్నెండు రూపాయల బన్ను

తెలుగులో ఎం.ఏ. పాసైన వాడికి ఊళ్లో వచ్చే పనులు కొన్ని వున్నాయి. పెళ్లి శుభలేఖలు దిద్దడం, సన్మానపత్రాలు రాయడం, పుట్టిన బిడ్డకు పేరు వెతికి పెట్టడం. యిన్నేళ్ల అధ్యాపక వృత్తిలో యివన్నీ చేశాను గాని, బేకరీకి ప్రకటన రాస్తానని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మొన్న మే నెలలో ఒక సాయంత్రం మా వీధి చివరి బేకరీ ఆయన మా యింటికి వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన కూతురు మా కాలేజీలోనే చదివింది. ఆయన నన్ను అయ్యవారూ అంటాడు, నేను అన్నా అంటాను.

"దీన్ని కొంచెం చూడండి అయ్యవారూ. ఫోనులో మూడువందల మందికి పంపించినా. ముగ్గురు కూడా రాలే. యాడ తప్పు జరిగిందో నాకు తెలియడం లేదు" అని ఫోను చేతికిచ్చాడు.

అందులో యిలా వుంది: "బంపర్ ఆఫర్! బంపర్ ఆఫర్! మా వద్ద అన్ని రకముల బేకరీ ఐటములపై 20 శాతం తగ్గింపు ఇవ్వబడును. నాణ్యతకు మాదే హామీ. కొద్దిరోజులు మాత్రమే. త్వరపడండి. షరతులు వర్తించును."

అక్షరదోషం వొక్కటీ లేదు. తప్పు యెక్కడుందో నాకూ వెంటనే తోచలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న మా ఆవిడ మాత్రం, ఆయన కాఫీ తాగి వెళ్లగానే తేల్చేసింది.

"అన్నిటి మీదా తగ్గిస్తున్నాడంటే నిలవ సరుకు మిగిలిపోయిందన్నమాట. ఎండాకాలంలో నిలవ సరుకు పిల్లలకు ఎవరు పెడతారండీ?"

నేను నిర్ఘాంతపోయాను. ఆయన పాపం తగ్గింపు అని రాశాడు, చదివినవాళ్లు పాచి అని చదువుకున్నారు. బట్టలకొట్టువాడు ధర తగ్గిస్తే పండగ కాబోలు అనుకుంటాం. తినే వస్తువుకు కారణం చెప్పకుండా ధర తగ్గిస్తే ముందు వాసన చూస్తాం.

అయినా నా పాండిత్యం వూరుకోలేదు. ఆ రాత్రి కూర్చుని వొక ప్రకటన రాశాను. "రసనాగ్రమున నర్తించు మాధుర్యము" అని మొదలుపెట్టి, "అమృతోపమానమగు పిండివంటల భాండాగారము" దాకా నడిపించాను. మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె ఓపికగా వింది.

"యింతకీ ఆయన అమ్మేది ఏమిటండీ?" అంది.

కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను. ఆయనది బంపరు, నాది భాండాగారం. రెండింటిలోనూ బన్ను లేదు.

మర్నాడు కాలేజీకి సెలవు. మధ్యాహ్నం రెండు గంటలకు బేకరీకి వెళ్లి, లోపల పొయ్యి దగ్గర వొక స్టూలు వేయించుకుని కూర్చున్నాను. ఆయన పొయ్యి యిటుకలతో కట్టిన పాత పొయ్యి. లోపల కట్టెలు వేసి మండిస్తారు. మంట ఆరి నిప్పులయ్యాక వాటిని, బూడిదను బయటికి లాగేసి తలుపు మూస్తారు. యిక కాల్చేది మంట కాదు, యిటుకలు తాగిన వేడి. ఆ వేడి సరిపోయిందో లేదో చూడడానికి ఆయన చిటికెడు మైదా లోపల చల్లాడు. పిండి వెంటనే నల్లబడితే యింకా ఆగాలట. మెల్లగా బంగారు రంగుకు వస్తే రేకులు పెట్టవచ్చునట. ముందు బ్రెడ్డు, తర్వాత బన్నులు, వేడి తగ్గాక బిస్కెట్లు. అన్నిటికీ ఆఖరున, కోసిన బ్రెడ్డు ముక్కలను రాత్రంతా లోపలే వుంచితే తడి ఆరిపోయి రస్కులవుతాయి.

నేను అడిగిన మొదటి ప్రశ్న, తగ్గింపు ఎందుకు అని.

"హాస్టళ్లలో పిల్లోళ్లు సెలవులకు పోయినారు గదా అయ్యవారూ. వాళ్లున్నప్పుడు కొబ్బరి బన్ను అయిదు రేకులు పోయేది. యిప్పుడు రెండు పోతే గొప్ప. రేకుకు యిరవైనాలుగు. రెండు రేకులకైనా అయిదు రేకులకైనా పొయ్యికి కట్టెలు అంతే పడతాయి. యింకో రెండు రేకులు పోతే, బన్ను మీద మూడు రూపాయలు తగ్గించినా నాకు గిట్టుతుంది."

సరిగ్గా యిదే గదా ప్రకటనలో వుండవలసిన మాట! సరుకు పాతదై కాదు, పొయ్యిలో చోటు ఖాళీగా వుండి ధర తగ్గింది. నిజమైన కారణం చేతిలో వుంచుకుని ఆయన దాన్ని షరతులు వర్తించును అనే మాట కింద పాతిపెట్టాడు.

అన్ని రకాలూ వద్దు, కొబ్బరి బన్ను వొక్కటే రాద్దామన్నాను. పదిహేను రూపాయల బన్ను పన్నెండు రూపాయలు. యిరవై శాతం అంటే చదివేవాడు లెక్క కట్టుకోవాలి. పన్నెండు అంటే జేబులో చెయ్యి పెడతాడు.

తర్వాత గుడ్డు సంగతి అడిగాను. మా వూళ్లో యిది అడగక తప్పదు. కొండ మీద మాంసం, గుడ్డు, మద్యం నిషిద్ధం. తిరుపతిలో కాపురముండి రోజూ బస్సెక్కి తిరుమలకు పనికి పోయేవాళ్లు మా పేటలో చాలామంది. వాళ్ల సంచిలోకి వెళ్లేది ఏదైనా గుడ్డు లేనిదై వుండాలి. శనివారం వొక్క పొద్దు వుండే యిళ్లు సరేసరి.

"బన్నులో గుడ్డు వెయ్యం. మీరు ధైర్యంగా రాయండి" అన్నాడు ఆయన.

నేను రాశాను కూడా. యింతలో పనిపిల్లవాడు రేకులు పొయ్యిలోకి తోసే ముందు, గిన్నెలో పసుప్పచ్చని ద్రవం గిలక్కొట్టి కుంచెతో బన్నుల మీద పూయడం మొదలుపెట్టాడు.

"అదేమిటబ్బాయ్?"

"గుడ్డు సార్. మెరుపు రావాలంటే పూయాల గదా."

ఆయన ముఖం చూశాను. అబద్ధమాడిన ముఖం కాదది. యిన్నేళ్లుగా పిండిలో కలిపేదే గుడ్డనుకున్నాడు, పైన పూసేది ఆయన లెక్కలోకి రాలేదు. తినేవాడి లెక్కలో మాత్రం రెండూ వొకటే. మన దేశంలో ఆహారపు పొట్లాల నిబంధనల్లో కూడా గుడ్డు కలిసినదానికి శాకాహారపు ఆకుపచ్చ గుర్తు వేయకూడదు.

"గుడ్డు లేదు అన్న మాట తీసేద్దామా, గుడ్డునే తీసేద్దామా అన్నా?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లవాణ్ణి పంపి పాలు తెప్పించాడు. పాలలో కాస్త చక్కెర కరిగించి, కొత్త కుంచెతో వొక రేకుకు పూశారు. కాలి వచ్చాక చూస్తే రంగు బాగానే వుంది, గోధుమ రంగు. గుడ్డు పూసినప్పటి అద్దంలాంటి మెరుపు మాత్రం లేదు. ఆయన దాన్ని అటూ యిటూ తిప్పి చూసి, "మెరుపు పోతే పోనీ. మాట వుండాల" అన్నాడు. ఆ రోజే బన్నులకు రేకులు, కుంచె వేరుచేయించాడు. అయినా అదే పొయ్యిలో పొద్దున ఎగ్ పఫ్‌లు కాలుతాయి. పట్టింపు ఎక్కువ వున్నవాళ్లకు అదీ తెలియాలి గనుక ఆ మాటా రాద్దామన్నాను. కొంచెం గునిసి వొప్పుకున్నాడు.

చివరకు ఆయన కోరిక వొకటి మిగిలింది. "శ్రీవారి ప్రసాదమంత రుచి అని వేస్తే ఎట్లుంటుంది అయ్యవారూ?"

వద్దన్నాను. తిరుపతి లడ్డు పేరుకే 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చి, ఆ పేరు మీద హక్కు దేవస్థానానిదైంది. ఆ చట్టం మాట అలా వుంచినా, బన్నును ప్రసాదంతో పోలిస్తే మా పేటవాళ్లు బన్ను కొనరు, ఆయనను చీవాట్లు పెడతారు.

రాసినది యిది:

"సాయంత్రం నాలుగున్నరకు కట్టెల పొయ్యిలోంచి కొబ్బరి బన్ను వస్తుంది. లోపల పచ్చికొబ్బరి, చక్కెర, యాలకులు. పైన పాలు పూసి కాలుస్తున్నాం. లోపలా గుడ్డు లేదు, పైనా లేదు. రేకులు, కుంచె వేరు. పొద్దున ఎగ్ పఫ్‌లు కాల్చేది మాత్రం యీ పొయ్యిలోనే. హాస్టలు పిల్లలు వూళ్లకు వెళ్లారు, కట్టెలు మాత్రం అంతే పడుతున్నాయి. అందుకని జూన్ 10 దాకా పదిహేను రూపాయల బన్ను పన్నెండు రూపాయలు. పచ్చికొబ్బరి ఎండకు ఆగదు గనుక రేపటికి దాచం. వేడిగా వున్నప్పుడే రండి."

మా ఆవిడకు వినిపించాను. "నాలుగున్నరకు మీరు వెళ్తారా, నేను వెళ్లనా?" అంది. నాకు యూనివర్సిటీ పట్టా యిచ్చిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

మర్నాడు నాలుగు రేకులు కాల్చారు, తొంభైఆరు బన్నులు. అయిదుంబావుకు అయిపోయాయి. యిక్కడ నా తప్పు బయటపడింది. ఆరు గంటలకు కొర్లగుంట నుంచి మనవణ్ణి వెంటబెట్టుకుని వొక పెద్దాయన వచ్చాడు. ఖాళీ రేకులు చూసి, "జనాన్ని రప్పించుకోవడానికి రాస్తారు, సరుకుండదు" అని నలుగురిలో అనేసి వెళ్లిపోయాడు. బేకరీ ఆయన నొచ్చుకున్నాడు. నేను యింకా నొచ్చుకున్నాను. ఎన్ని బన్నులో రాయనిది నేనే గదా!

2022లో కేంద్రం తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు కూడా, తక్కువ ధర చూపి పిలిచేటప్పుడు సరిపడా సరుకుండాలనీ, కొద్దిగానే వుంటే ఆ సంగతి ముందే చెప్పాలనీ అంటాయి. కొద్దిరోజులు మాత్రమే అని బెదిరించడం వేరు, తొంభైఆరు మాత్రమే అని చెప్పడం వేరు. మొదటిదాన్ని ఎవరూ నమ్మరు. రెండోదాన్ని నమ్మి బయలుదేరే వేళ మార్చుకుంటారు. ఆ రాత్రే వొక వాక్యం చేర్చాం: "రోజుకు తొంభైఆరు బన్నులే. మూడు గంటలలోగా చెబితే మీ పేరున పక్కన పెడతాం, ఆరున్నర దాకా వుంచుతాం." ఆ పెద్దాయన యిల్లు కనుక్కుని, నాలుగు బన్నులు పంపించాడు ఆయన.

జూన్ పదిన ధర మళ్లీ పదిహేను అయింది. అన్నమాట ప్రకారం అదే రోజున ఆ ప్రకటన ఆపేశాడు. నాలుగు రేకులు మూడయ్యాయి గాని, రెండుకు మాత్రం దిగలేదు.

మొన్న శనివారం నేను అక్కడే వున్నాను. భుజాన సంచితో వొకాయన వచ్చాడు. రాత్రి డ్యూటీకి కొండకు పోతున్నాడు కాబోలు, బస్సు తొందరలో వున్నాడు.

"రెండు బన్నులు కట్టన్నా. గుడ్డు లేదు గదా, పైన గూడా?"

"పైన గూడా లేదు నాయనా" అన్నాడు బేకరీ ఆయన, అతని కళ్లలోకి చూస్తూ.

అతను బన్నులు సంచిలో వేసుకుని బస్సుకు పరుగెత్తాడు.